పోస్టరు నుంచి నేను తీయించిన లైను

నర్సమ్మ రాసి తెచ్చిన కాగితంలో తొమ్మిది లైన్లున్నాయి. నేను వాటిని అయిదుకు దించాను.

అందులో నా గొప్పేమీ లేదు. పుట్టింటా అత్తింటా కిరాణా దుకాణమే. గల్లాపెట్టె పక్కన పీట వేసుకుని పెరిగినదాన్ని. ఎవరేం చెప్పినా అందులో కొంత కోసేసి వినడం చిన్నప్పుడే అలవాటైపోయింది. పెళ్లిచూపుల నాడు అబ్బాయి అయిదడుగుల ఏడంగుళాలని పెద్దలు చెబితే, మనసులోనే ఒక అంగుళం తగ్గించుకున్నాను. పెళ్లయ్యాక కొలిస్తే రెండు తగ్గింది. నా బేరంలో ఇంకా పదును రావాలని అప్పుడే అర్థమైంది.

అవి తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్డు మీదే ఉన్న రోజులు. జనగామ నుంచి నర్మెట్ట పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది మా ఊరు. బడి ఎదురుగా దీక్షా శిబిరం టెంటు. రోజుకొక వృత్తివాళ్లు పొద్దున్నే దండలు వేసుకుని కూర్చుంటారు, సాయంత్రం ఎవరో పెద్దమనిషి నిమ్మరసం ఇస్తే లేస్తారు. మర్నాడు ఇంకొకరు. ఏ రోజు బంద్, ఏ పూట రాస్తారోకో అన్నది పొద్దున లేచాక గాని తెలిసేది కాదు. షట్టరు సగం ఎత్తి, ఒక చెవి రోడ్డు వైపు వేసి సరుకు తూచేవాళ్లం. ఎవరికీ ఒకచోట కాలు నిలిచేది కాదు.

అటువంటి రోజుల్లో మా ఊరి సబ్‌సెంటరు నర్సు, బీపీ, షుగర్ పరీక్షల శిబిరం పెట్టిస్తానని పట్టుబట్టింది. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది, ఊరంతా ఆమెను నర్సమ్మ అంటుంది. పెద్ద దవాఖాన నుంచి డాక్టరు, రక్తపరీక్ష చేసే టెక్నీషియను జీపులో వస్తారు. బడి వరండాలో పరీక్షలు. మా ఊరికి, చుట్టూ ఉన్న రెండు పల్లెలకు, గుట్ట అవతలి లంబాడీ తండాకు కలిపి ఒకటే శిబిరం. పోస్టర్లు, మైకు ప్రచారం దుకాణాల వాళ్లు చూసుకోవాలని పంచాయతీలో మాట అయింది. జనగామ ప్రెస్సాయనతో మాట్లాడి గెలవగలిగేది నేనేనని అందరూ కలిసి ఆ పని నా నెత్తిన పెట్టారు. పొగిడారో, పని తప్పించుకున్నారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నర్సమ్మ తన కాగితం గల్లాపెట్టె మీద పరిచింది. శిబిరం ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మొదటి మూడు లైన్లు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లంతా రావాలన్నది నాలుగు. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా పరగడుపున రావాలి, మంచినీళ్లు తాగొచ్చన్నది అయిదు. ఆ తర్వాత చిన్న అక్షరాలతో ఇంకో నాలుగు: బీపీ చూపించుకునే ముందు అరగంట టీ, బీడీ, చుట్ట ముట్టొద్దు; పాత చీటీలుంటే తెచ్చుకోవాలి; నడవలేని ముసలివాళ్లుంటే ముందే చెప్పాలి. వాటి మధ్యలో, అన్నిటికంటే పొడుగ్గా, ఇది: ఇప్పటికే షుగర్ మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ పొద్దున మాత్ర వేసుకోకుండా వెంట తెచ్చుకోవాలి, రక్తం ఇచ్చి, తిండి తిన్నాకే వేసుకోవాలి, బీపీ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకోవచ్చు.

నేను పెన్ను తీశాను. పోస్టరంటే దుకాణం బోర్డు లాంటిదని ఆమెకు పాఠం చెప్పాను. పోయేవాడు ఆగడు, పోతూ పోతూ చదువుతాడు, పెద్ద అక్షరాలు నాలుగు ఉంటే కంటికి ఆనుతాయి, నలభై ఉంటే ఒక్కటీ ఆనదు. బీడీ సంగతి ఎట్లాగూ అక్కడికొచ్చాక చెబుతావు గదా అన్నాను. సరేనంది. పాత చీటీలు సరే. ముసలివాళ్లు సరే. మాత్రల లైను దగ్గర నా చేయి పట్టుకుంది.

“గదొక్కటి ఉంచక్కా. నువ్వు మిగిలినయన్ని తీసెయ్, నేనేమన్న.”

“షుగర్ ఉన్నోళ్లకు అన్ని ఎర్కనే ఉంటయి. మన క్యాంపు ఉందో లేదో ఎర్క లేనోళ్ల కోసం గదనే.”

“ఉన్నోళ్లు గుడ వస్తరక్కా. ఫ్రీ అంటే అందరికంటే ముందుగాల వాళ్లే వస్తరు. గోలి ఏసుకొని, ఏం తినక ఎండల నిలబడితే షుగర్ దిగిపోతది. పడిపోతరు.”

ఆమె భయం నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా బేరం ఆపలేదు, అదీ నా తెలివి. మధ్యే మార్గం చెప్పాను. మైకులో ఎంత పొడుగైనా చెప్పొచ్చు, దానికి జాగా కావలసిన పని లేదు. ఆ లైను మైకులో పెడదాం, రెండుసార్లు చెప్పిద్దాం. పోస్టరు పొట్టిగా, మైకు పొడుగ్గా. నర్సమ్మ తండాకు కూడా ఆటో తప్పకుండా పోవాలని మాట తీసుకుంది. ఇచ్చాను. తీసేసిన లైన్ల జాగాలో ‘వర్తకుల సౌజన్యంతో’ అని వేయించాను. ఆ మాట చెప్పకపోతే ఈ జ్ఞాపకం కూడా బేరమాడి రాసినట్టవుతుంది.

పోస్టర్లు బాగా వచ్చాయి. ‘ఏమీ తినకుండా రావాలి’ అన్నది ఎర్రటి అక్షరాల్లో చేతి మందాన ఉంది. రోడ్డు అవతలి నుంచి కూడా కనబడుతోంది. నర్మెట్ట బస్సుకు పోతున్నవాళ్లు ఆగి చదువుతుంటే, నేను షట్టరు కింద నుంచి తొంగి చూసి మురిసిపోయాను. తండాలో అంగన్‌వాడీ టీచరు గోడకు అంటించి, చదవరాని వాళ్లకు చదివి వినిపించిందని కబురొచ్చింది.

మైకు ఆటో రెండు రోజులు తిరిగింది. నర్సమ్మ గొంతే, మా ఇంట్లో ఫ్యాను ఆపి రికార్డు చేశాం. మాత్రల మాట రెండుసార్లు చెప్పింది. శిబిరానికి ముందు రోజు పొద్దుగూకే వేళ ఆటో డ్రైవరు దుకాణం ముందు దిగాడు. పల్లెలు రెండూ అయ్యాయట. తండా బాటలో మాత్రం ఎవరో చెట్టు నరికి అడ్డం పడేశారట, మధ్యాహ్నం నుంచి బండి పోవడం లేదట. ఆ మాట అతను తీరిగ్గా చెప్పాడు. పైగా మర్నాడు దీక్షలో కూర్చునేది ఆటోవాళ్లే, ఆ హడావిడిలో ఉన్నాడు.

నా చేతిలో అప్పుడు ఎవరికో తూస్తున్న పప్పుంది. అది తూచానో లేదో గుర్తు లేదు. నాకు గుర్తొచ్చింది యాడి.

తండా నుంచి వారం వారం మా దుకాణానికి వచ్చే ముసలామె. వాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు, ఆమె కొడుకులు పిలిచే ఆ పిలుపే మాకూ అలవాటైంది. బేరంలో నాకు సాటి. నేను చెప్పిన ధరలో సగం చెప్పి, కదలకుండా కూర్చునేది. రెండేళ్ల కింద జనగామలో షుగర్ ఉందన్నారు. ఒకరోజు చింతపండు ఏరుతూ తన మాత్రల సంగతి చెప్పింది. కోడి కూయగానే గోలి మింగుతుంది, ఆ తర్వాత పొయ్యి ముట్టించి రొట్టె కాల్చుకుని తింటుంది. అరగంటలో తింటుంది కాబట్టి ఏమీ కాలేదు. రేపు పొద్దున పొయ్యి ముట్టించదు. నా ఎర్ర అక్షరాలు వద్దన్నాయి.

అంగన్‌వాడీ టీచరుకు ఫోను చేశాను. స్విచాఫ్. ఆమె ఉండేది ఇంకో ఊళ్లో. తండాలో ఫోనున్న ఇద్దరికీ సిగ్నలు గుట్ట ఎక్కితేనే వస్తుంది. నర్సమ్మకు చెబితే ఆమె కూడా టీచరుకు ఫోను కలిపి చూసింది.  చీకట్లో ఆ బాటన పోలేం, పొద్దున్నే తండాకు పోయి చెప్పి వస్తానని అన్నాను.

తెల్లవారకముందే మా ఆయన్ని లేపి స్కూటరు తీయించాను. ఆయన పళ్లు తోముకుంటుంటే గేటు దగ్గర నిలబడి పిలుస్తూనే ఉన్నాను. చెట్టు పడిన చోట స్కూటరు ఆపేసి, ఆయన్ని అక్కడే ఉంచి, కొమ్మల కింద నుంచి దూరి, చీర చింపుకుని, మిగిలిన బాట నడిచాను. నడిచానంటున్నాను గాని, సగం పరుగే. నా ఒంటికి పరుగు ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు అదృష్టవంతులు.

తండా ఖాళీగా ఉంది. యాడి గుడిసె ముందు కోడలు వాకిలి ఊడుస్తోంది. బాట మూసుకుపోయిందని అందరూ పొలం గట్ల మీదుగా చీకటితోనే పోయారట. మేమొచ్చింది బాట మీద, వాళ్లు పోయింది గట్ల మీద.

“యాడి గోలి ఏసుకుందా?”

“ఏసుకున్నది. రోజు ఏసుకుంటది గదా.”

“తిన్నదా?”

కోడలు నన్ను వింతగా చూసింది. “అన్నం వద్దని మీరే రాసిన్రు. గోలి వద్దని ఎవ్వలన్నరు?”

తిరుగుదారిలో నేను ఆలోచించింది సమయం ఒక్కటే. ఏడింటికి పరీక్షలు మొదలైతే తండావాళ్లు ముందు వరసలో ఉంటారు. రక్తం ఇచ్చి వెంటనే ఏదైనా తినిపిస్తే గండం గడుస్తుంది. ఏడింటికి మొదలవ్వాలి, అంతే. స్కూటరు వెనక కూర్చుని మా ఆయన భుజం పొడుస్తూనే ఉన్నాను. ఆయన అడ్డదారి అన్నాడు. ఆ అడ్డదారిలో ఒక గేదెల మంద. గేదెలకు ఉద్యమం లేదు, తొందరా లేదు.

ఊళ్లోకి వచ్చేసరికి ఎనిమిది దాటింది. బడి ముందు వందల మంది. వరస కదలడం లేదు. మెయిన్‌రోడ్డు మీద రాస్తారోకో, డాక్టరు జీపు లారీల వెనక ఇరుక్కుపోయింది. రక్తం చూసే మిషను, దాంట్లో పెట్టే పుల్లలు అన్నీ టెక్నీషియను సంచిలో, ఆ సంచి జీపులో. నర్సమ్మ ఒక్కతే బీపీ మిషను ముందేసుకుని, మనిషిని కాసేపు కూర్చోబెట్టి, చేయి బల్ల మీద పెట్టించి పట్టీ చుడుతోంది. నన్ను చూడగానే కళ్లతోనే అడిగింది. నేను తల అడ్డంగా ఊపి వరస వెంట పరుగెత్తాను.

యాడి గోడకు ఆనుకుని ఉంది. ముక్కు మీద, పెదవి మీద చెమట. పొద్దుటి గాలి ఇంకా చల్లగానే ఉంది. చేతులు వణుకుతున్నాయి. యాడీ అని పిలిస్తే నన్ను చూసి వాళ్ల భాషలో ఏదో అంది, పక్కనున్న తండా మనిషి నవ్వి, నిన్ను మేకపిల్ల అనుకుంటోందని చెప్పాడు. నవ్వింది అతను ఒక్కడే. అంతలోకే నర్సమ్మ వచ్చి, ఒళ్లు తాకి చూసి, మిషను కోసం ఆగేది లేదంది.

“చక్కెర కావాలక్కా. బెల్లమైన సరే. జల్ది.”

నేను వరసను అడిగాను. ఎవరి కొంగులోనైనా ఏదైనా తీపి ఉందా. బెల్లం ముక్క, బిస్కెట్టు, ఏదైనా. మూడు ఊళ్లు, ఒక తండా, ఇంతమంది ముసలీ ముతకా. ఒక్కరి దగ్గరా ఒక్క మెతుకు లేదు. పోస్టరు అంత బాగా పనిచేసింది. హోటలు మూసి ఉంది. నా దుకాణం ఊరి ఆ చివర, తాళంచెవులు మా ఆయన దగ్గర, ఆయన స్కూటరు పెట్టడానికి ఇంటికి పోయాడు. నిలబడ్డ చోటే గిరగిరా తిరిగాను. అప్పుడు ఎదురుగా టెంటు కనబడింది.

ఆటోవాళ్లు దండలతో కూర్చుని ఉన్నారు. సాయంత్రం నిమ్మరసం కోసం చక్కెర ఎక్కడో ఉండాలి. నేను పోయి బల్ల కింద చేయి పెట్టాను. పెద్ద డ్రైవరు నా చేయి పట్టుకున్నంత పని చేశాడు.

“వదినా, ఏంది, మా ఇజ్జత్ తీస్తవా. దీక్షల కూసున్నోళ్లకాడ చక్కెర దొరికిందని ఊరంత అంటరు.”

“మనిషి పోయేటట్టుందే. నీ దీక్ష సంగతి నేను సాయంత్రం చెప్త.”

అతను యాడి వైపు చూశాడు. తర్వాత తనే చక్కెర పొట్లం, నీళ్ల బిందెలో నుంచి గ్లాసు నీళ్లు తీసుకుని నా ముందు పరుగెత్తాడు. మెడలో దండ ఊగుతూనే ఉంది.

నర్సమ్మ యాడిని నిటారుగా కూర్చోబెట్టి, మింగగలదో లేదో ఒక్క గుక్కతో చూసి, నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగించింది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దని ఆ హడావిడిలోనే నాకు చెప్పింది. పావుగంట చూద్దాం అంది. నా జీవితంలో నేను తగ్గించలేకపోయిన పావుగంట అదొక్కటే. మధ్యలో మూడుసార్లు టైమెంతైందని అడిగాను. మూడోసారి డ్రైవరు తన గడియారం విప్పి నా చేతిలో పెట్టాడు.

యాడి చెమట ఆరింది. కళ్లు నా మీద నిలిచాయి. మేకపిల్లను కాదని తెలిసింది కాబోలు, “ఏమాయెనే” అంది.

నర్సమ్మ ఇంకో గ్లాసు కలుపుతూ, తల ఎత్తకుండా, మిగిలినవాళ్లను చూడమంది. నాకప్పటికి గాని తట్టలేదు. ఒక్క యాడి గురించే పరుగెత్తాను. టెంటులోకి మళ్లీ పోయి మైకు తీసుకున్నాను. జై తెలంగాణ తప్ప ఇంకో మాట ఎరగని మైకు అది. ఆ పొడుగు లైను, నేను కాగితం మీద కొట్టేసిందే, నా గొంతుతో చదివినట్టు చెప్పాను. షుగర్ గోలి వేసుకుని వచ్చినవాళ్లు చేతులెత్తండి అన్నాను. ఎవరూ ఎత్తలేదు. తప్పు చేశామని భయపడ్డారు.

“తప్పు మీది కాదు. గోలి సంగతి పోస్టరు మీద లేకుంట నేనే తీపిచ్చిన. ఎత్తున్రి.”

ఒక చేయి లేచింది. ఆ తర్వాత ఇంకొకటి. తండావాళ్లలో ముగ్గురు. ఇంకొకామె మా ఊరిదే. ఆమె మైకు విన్నదట గాని, వరసలో ముందుండాలని హడావిడిలో మింగి వచ్చేసింది. నలుగురినీ వరస నుంచి తప్పించి నీడలో కూర్చోబెట్టాం. అప్పటికి మా ఆయన మైకులో నా గొంతు విని దుకాణం నుంచి బిస్కెట్లు, అటుకులు తెచ్చాడు.

జీపు తొమ్మిదిన్నరకు వచ్చింది. డాక్టరు అందరికంటే ముందు యాడి వేలు పొడిచాడు. చక్కెర తాగాక కూడా అంకె తక్కువే ఉందని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఇడ్లీ చేయించి తినిపించమన్నాడు. ఆమె వేసుకునే మాత్ర పని గంటల తరబడి సాగుతుందని, ఇప్పుడు లేచి కూర్చుంది గదా అని పంపిస్తే దారిలో మళ్లీ పడిపోతుందని, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి గంట గంటకూ చూడాలని చెప్పాడు. తర్వాత గోడ మీది పోస్టరు చదివి నర్సమ్మ వైపు తిరిగాడు. మాత్రల గురించి ఎందుకు రాయలేదని అడిగాడు. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తారు.

నాకు మాటలకు కరువు ఎప్పుడూ లేదు. ఆ ఒక్కసారి మాత్రం చాలా పొదుపుగా వచ్చాయి. ఆమె రాసింది, నేను తీయించాను అన్నాను. డాక్టరు నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అయితే మీరే కూర్చుని గంట గంటకూ అంకె రాయండని కాగితం ఇచ్చాడు. సాయంత్రం దాకా యాడి పక్కన కూర్చుని రాశాను. కిందికి పోయినప్పుడల్లా నర్సమ్మను కేకేసి, యాడికి ఇంకో బిస్కెట్టు తినిపించాను. ఆఖరి రెండు అంకెలూ నిలకడగా వచ్చాయి. డాక్టరు మాత్ర మోతాదు సగం చేసి, ఈ రోజు అంకె లెక్కలోకి రాదు కాబట్టి వారం తర్వాత మాత్ర వేసుకోకుండా పరగడుపున మళ్లీ రావాలన్నాడు.

యాడి రానంది. రాకపోవడమే కాదు, ఇక గోలి కూడా ముట్టనంది. మంచిగున్న మనిషిని గోలి పడగొట్టిందని ఆమె లెక్క. గోలి కాదు, తిండి లేకపోవడం అని నేను పది రకాలుగా చెప్పాను. నర్సమ్మ కూడా చెప్పింది. గోలి మానేస్తే షుగర్ లోపల ఎక్కుతూనే ఉంటుంది, కళ్లు, కాళ్లు పోతాయంది. యాడి దుకాణంలో కూర్చున్నట్టే కదలకుండా కూర్చుంది. చివరకు తన ధర చెప్పింది.

“నువ్వొస్తవా తండాకు? నువ్వు గుడ రాత్రిసంది తినకుండ వచ్చి నా పక్కన కూసుండాలె. సూది గుచ్చినంక ఇద్దరం తిందాం.”

నాలుగు మైళ్లు, తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో. ఇంకెవరైనా అడిగితే ఒక్క చాయ్ తాగి వస్తాననైనా బేరమాడేదాన్ని. సరేనన్నాను. యాడికి అనుమానం వచ్చింది, నేను బేరం చేయకుండా ఒప్పుకోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

వారం తర్వాత నర్సమ్మ, నేను గట్ల మీదుగానే పోయాం. యాడి వాకిట్లో చాప వేసి ఉంది. మిషను నర్సమ్మ టెక్నీషియను దగ్గర అడిగి తెచ్చింది. ముందు యాడి వేలు పొడిచింది. అంకె ఎక్కువే ఉంది. గోలి మానొద్దని దాన్నే చూపించి చెప్పింది. తర్వాత యాడి నా చేయి పట్టుకుని ఈమెకు గుడ గుచ్చు అంది. నా వయసు ముప్పై దాటి చాలాకాలమైంది, ఆ శిబిరం నాడు ఊరందరికీ పరీక్షలయ్యాయి, నాకు కాలేదు. నర్సమ్మ గుచ్చింది. మిషను లెక్కపెట్టుకుంటుంటే నేను లోలోపల అంకెను తగ్గించుకుంటూ కూర్చున్నాను. అది తగ్గలేదు. షుగర్ ఉందనే అంచు దాటలేదు గాని ఆ అంచు మీదే ఉందని, ఇంకోసారి చూడాలని నర్సమ్మ అంది.

కోడలు రెండు జొన్నరొట్టెలు తెచ్చింది. యాడి ఒక ముక్క తుంచి నమిలింది. ఇంకో ముక్క నమిలింది. అప్పుడు కొంగు ముడి విప్పి సగం గోలి తీసి, నేను చూస్తున్నానో లేదో చూసి, వేసుకుని నీళ్లు తాగింది. నా రొట్టె అలాగే ఉంది, నేనింకా నా అంకె దగ్గరే ఆగిపోయాను. తినవేందే అని అడిగింది.